పక్కవాడి సగటుకు అందని తప్పు

ఒక ఇనుప కడ్డీ రెండు చివరలనూ మంచుగడ్డల్లో గుచ్చి వదిలేస్తే కొంతసేపటికి కడ్డీ మొత్తం సున్నా డిగ్రీలకు వచ్చేస్తుంది. ఇది చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కానీ కంప్యూటర్ ఇలాంటి లెక్కను ఎలా చేస్తుందో, ఎక్కడ చతికిలపడుతుందో చూడాలంటే జవాబు ముందే తెలిసిన ఈ కడ్డీ చక్కగా పనికొస్తుంది. అసలు జవాబు సున్నా కాబట్టి, కాగితం మీద మిగిలిన ప్రతి అంకే ఆ చోట ఉన్న తప్పు.

కడ్డీని ఎనిమిది సమభాగాలు చేస్తే మధ్యలో ఏడు బిందువులు వస్తాయి. వేడి నిలకడగా ఉన్నప్పుడు ఏ బిందువు ఉష్ణోగ్రతయినా దాని ఇరుపక్కల ఉష్ణోగ్రతల సగటుకు సమానం కావాలి. సూత్రం ఇంతే. మధ్యలో ఎక్కడైనా మంట పెడితే ఆ వేడి ఆ చోట అదనంగా కలుస్తుంది. ఆనకట్ట లోపలి ఒత్తిళ్లు, విద్యుత్ క్షేత్రం, భూగర్భ జలాల కదలిక, నక్షత్ర రాశుల గురుత్వాకర్షణ వంటి ఎన్నో లెక్కలు చివరికి ఇలాంటి సమీకరణాల గుంపుగానే కంప్యూటర్ ముందుకు వస్తాయి. తేడా అల్లా అక్కడ బిందువులు ఏడు కావు, లక్షలు, కోట్లు.

ఈ గుంపును విప్పే పాత పద్ధతి చాలా సులువైనది. ఏదో ఒక ఊహతో మొదలుపెట్టి, ప్రతి బిందువు దగ్గరా పక్కవాళ్లను చూసి అంకెను సవరిస్తూ పోవడమే. ఇంగ్లండ్‌కు చెందిన లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ 1910లో రాతి ఆనకట్టలోని ఒత్తిళ్లను ఇలాంటి పద్ధతితోనే లెక్కించాడు. అప్పటికి యంత్రాలు లేవు కాబట్టి కూలి ఇచ్చి మనుషుల చేత కూడికలు, తీసివేతలు చేయించాడు.

కడ్డీ మీద ఆ పని చేసి చూడవచ్చు. ఊహ కావాలనే అస్తవ్యస్తంగా ఉంది: 27, 9, 27, 9, 27, 9, 27. చివర్లు రెండూ సున్నా. సవరణ నియమం ఏమిటంటే, ప్రతి బిందువూ తన అంకెనూ ఇరుపక్కల అంకెలనూ కూడి మూడుతో భాగించాలి. మొదటి బిందువుకు 0, 27, 9 కలిపి 36, మూడో వంతు 12. రెండోదానికి 27, 9, 27 కలిపి 63, మూడో వంతు 21. ఇలా ఒక విడత పూర్తయ్యేసరికి వరస 12, 21, 15, 21, 15, 21, 12 అవుతుంది. రెండో విడత తర్వాత 11, 16, 19, 17, 19, 16, 11.

ఎగుడుదిగుళ్లు రెండు విడతల్లోనే దాదాపు మాయమయ్యాయి. పక్కపక్క అంకెల మధ్య మొదట 18 ఉన్న తేడా ఇప్పుడు అయిదుకు, అంతకన్నా తక్కువకు దిగింది. అయినా తప్పు పోలేదు. మధ్యలో ఇంకా 17, 19 అలాగే కూర్చున్నాయి. ఇంకో రెండు విడతలు నడిపినా మధ్య బిందువు 17.67 దగ్గరే ఉంటుంది. కారణం వరసను చూస్తేనే తెలుస్తుంది. 19 అంకె ఉన్న బిందువు అటూ ఇటూ చూస్తే 16, 17 కనిపిస్తాయి. అందరూ ఇంచుమించు ఒకే తప్పులో ఉన్నప్పుడు సగటు తీస్తే వచ్చేదీ అదే తప్పు. పక్కవాడితో ఉన్న తేడాను సగటు ఇట్టే చెరిపేస్తుంది. పక్కవాడితో కలిసి చేస్తున్న తప్పు మాత్రం దాని కంటికి ఆనదు.

వరి మడి చదును చేసే రైతుకు ఇది కొత్త కాదు. మట్టిగడ్డలను చితిపి, చిన్న గుంటలను పక్క మట్టితో పూడ్చడం చేతికింది పని. కానీ మడి మొత్తం ఒక గట్టు వైపు జానెడు వాలి ఉంటే, నిలబడ్డచోట ఎంత సర్దినా నీళ్లు ఒక మూలకే చేరతాయి. ఆ వాలును పట్టాలంటే నాలుగు అడుగులు వెనక్కి వేసి మడి మొత్తాన్ని చూడాలి.

గణితంలో ఈ రెండు రకాల తప్పులకూ కొలత ఉంది. ఎలాంటి ఎగుడుదిగుడు వరసనయినా వీణ తీగ మీద అలల్లాగా, రకరకాల పొడవుల అలల మొత్తంగా విడగొట్టవచ్చు. తీగ మొత్తం ఒకే విల్లులా వంగితే అది అన్నిటికన్నా పొడవైన అల. బిందువు బిందువుకూ పైకీ కిందకీ ఊగితే అది అన్నిటికన్నా పొట్టి అల, అంటే అత్యధిక ఫ్రీక్వెన్సీ ఉన్నది. కడ్డీని 64 భాగాలు చేసినప్పుడు, పైన చెప్పిన సగటు నియమం ఒక్కో విడతలో పొట్టి అలలను కనీసం మూడో వంతుకు తగ్గిస్తుంది. మూడు విడతలకు అవి ఇరవై ఏడో వంతుకు పడిపోతాయి. అతి పొడవైన అల మాత్రం ఒక విడతలో 0.9992 వంతుకే తగ్గుతుంది. దాన్ని పదో వంతుకు దించడానికి సుమారు 2,870 విడతలు కావాలి. కడ్డీని 128 భాగాలు చేస్తే ఆ సంఖ్య నాలుగింతలై 11,500 దాకా పోతుంది.

నాలుగింతలే ఎందుకు? ఒక విడతలో కబురు ఒక్క బిందువు దూరమే నడుస్తుంది. చివర సున్నా ఉందన్న కబురు నడిమికి చేరాలి, అది కూడా నేరుగా కాదు, ప్రతి చోటా సగం పలచబడుతూ అటూ ఇటూ తడబడుతూ చేరాలి. అలా తడబడే నడకలో రెట్టింపు దూరానికి నాలుగు రెట్ల సమయం పడుతుంది. పొడుగునా వెయ్యి, వెడల్పునా వెయ్యి గళ్లున్న పలక మీద ఉన్నవి పది లక్షల బిందువులు. మామూలు సగటు పద్ధతిలో అక్కడ జవాబులో ఒక్క అంకె సరి కావడానికి నాలుగు లక్షలకు పైగా విడతలు పడతాయి. ఒక్కో విడతలో పది లక్షల సవరణలు.

మల్టీగ్రిడ్ అనే పద్ధతి ఇక్కడే మొదలవుతుంది. రెండు విడతల తర్వాత మిగిలిన తప్పు 11, 16, 19, 17, 19, 16, 11 అని చూశాం. ఇంత నెమ్మదిగా మారే వరసను చెప్పడానికి ఏడు బిందువులు అనవసరం. ఒకటి విడిచి ఒకటి, అంటే రెండో, నాలుగో, ఆరో బిందువులు చాలు. మూడు బిందువుల మీద లెక్క చిన్నది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, అక్కడ పక్కవాడు రెండింతల దూరంలో ఉంటాడు కాబట్టి కబురు రెండింతల వేగంతో నడుస్తుంది.

ఒక చిక్కు ఉంది. నిజమైన లెక్కలో జవాబు తెలియదు కాబట్టి తప్పు ఎంతో కూడా తెలియదు. కానీ సూత్రానికి ఎంత ఎడంగా ఉన్నామో మాత్రం ప్రతి బిందువు దగ్గరా తెలుస్తుంది. మూడో బిందువును చూస్తే, దాని అంకెకు రెట్టింపు 38. పక్కవాళ్లు 16, 17, మొత్తం 33. రెండూ సమానం కావాలి, అయిదు ఎక్కువ వచ్చింది. ఈ ఎడాన్ని శేషం అంటారు. ఏడు బిందువుల దగ్గరా శేషాలు వరసగా 6, 2, 5, -4, 5, 2, 6. తప్పు కూడా అసలు ఉష్ణోగ్రత పాటించే సూత్రాన్నే పాటిస్తుంది. ఒకే తేడా ఏమిటంటే, మంట ఉండాల్సిన చోట శేషం కూర్చుంటుంది. అంటే తప్పును కనుక్కోవడం అదే రకం లెక్కను ఇంకోసారి చేయడమే.

ఆ లెక్కను మూడు బిందువుల ముతక గ్రిడ్ మీద చేస్తారు. శేషాలను అక్కడికి దించేటప్పుడు ఆ బిందువు శేషానికి సగం బరువు, ఇరుపక్కల వాటికి పావు చొప్పున బరువు ఇస్తారు. రెండో బిందువు దగ్గర 6కు, 2కు రెండింతలు, 5 కలిపితే 15, అందులో పావు. బిందువుల మధ్య దూరం రెట్టింపు అయినందువల్ల సూత్రంలో ఆ దూరపు వర్గం, అంటే నాలుగు, వచ్చి చేరుతుంది. పావును నాలుగుతో గుణిస్తే మళ్లీ 15. నడిమి బిందువుకు ఇలాగే చేస్తే 2, మూడోదానికి 15. ఇప్పుడు మిగిలింది మూడు సమీకరణాలు. బడిపిల్లలు కూడా విప్పగలరు. జవాబు 16, 17, 16.

ఈ సవరణను పైకి తెచ్చి తీసేయాలి. ముతక గ్రిడ్ మీద ఉన్న మూడు బిందువుల్లో తప్పు 16, 17, 16 తీసేస్తే సరిగ్గా సున్నా. మధ్యలో ఉన్నవాటికి ఇరుపక్కల సవరణల సగటు వాడతారు: చివర వాటికి 8, లోపలి వాటికి 16.5. వరస 3, 0, 2.5, 0, 2.5, 0, 3 అవుతుంది. ముతక బిందువుల్లో తప్పు పూర్తిగా పోవడం ఒక గీత మీద ఉన్న కడ్డీకి దక్కే ప్రత్యేక లాభం. పలకలో, గదిలో కొంచెం మిగులుతుంది. ఏదేమైనా ఇప్పుడు మిగిలినవి పొట్టి ఎగుడుదిగుళ్లు, సగటు నియమానికి ఇష్టమైన ఆహారం. ఇంకో రెండు విడతలు నడిపితే అన్నిటికన్నా పెద్ద తప్పు 1.44కు దిగుతుంది. ముతక గ్రిడ్ సాయం లేకుండా అవే నాలుగు విడతలు నడిపినప్పుడు అది 17.67.

ముందు నునుపు చేసి, ఆ తర్వాతే ముతక గ్రిడ్‌కు దిగాలి. ఈ వరస తప్పితే పని చెడుతుంది. మొదటి ఊహ 27, 9, 27, 9లో ఒకటి విడిచి ఒకటి చూస్తే కనిపించేది 9, 9, 9 మాత్రమే. ఆ భయంకరమైన ఊగిసలాట ముతక గ్రిడ్ కంటికి నిశ్చలమైన నీరు. సినిమాలో ముందుకు పరుగెత్తే బండి చక్రం ఆకులు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం అందరూ చూసిందే. కెమెరా తీసే బొమ్మల మధ్య చక్రం వేగంగా తిరగడంతో కంటికి వేరే కదలిక అందుతుంది. 64 భాగాల కడ్డీ మీద 60 ఉబ్బులున్న అల, 32 భాగాల కడ్డీ మీద నాలుగే ఉబ్బులున్న అలగా వేషం వేసుకుంటుంది. దాన్ని నిజమని నమ్మి సవరిస్తే లేని తప్పును సరిదిద్దినట్టే. అందుకే పొట్టి అలలను పైనే చంపి కిందికి దిగాలి.

బిందువులు లక్షల్లో ఉంటే, ఒకటి విడిచి ఒకటి తీసుకున్నా ముతక గ్రిడ్ పెద్దదిగానే ఉంటుంది. అప్పుడు అక్కడా ఇదే ఉపాయం. 64 భాగాల నుంచి 32కు, 16కు, 8కి, 4కు, 2కు. చివరి మెట్టు మీద మధ్యలో ఉండేది ఒక్క బిందువు. పైన 2,870 విడతలు అడిగిన ఆ అతి పొడవైన అల, ఈ చివరి మెట్టు మీద అన్నిటికన్నా పొట్టి అల. అక్కడ దాన్ని ఒక్క భాగాహారంతో తేల్చేయవచ్చు. ప్రతి అలకూ అది పొట్టిదిగా కనిపించే మెట్టు ఒకటి ఎక్కడో ఉంటుంది. అక్కడే దాని పని పూర్తవుతుంది. పైనుంచి కిందికి నునుపు చేస్తూ దిగి, సవరణలు మోసుకుంటూ పైకి ఎక్కే ఈ ప్రయాణాన్ని దాని ఆకారాన్ని బట్టి వి-చక్రం అంటారు.

ఇన్ని మెట్లు దిగి ఎక్కితే ఖర్చు పెరగదా అన్నది న్యాయమైన సందేహం. పలక లెక్కలో ఒక మెట్టు దిగితే పొడుగునా సగం, వెడల్పునా సగం, అంటే బిందువులు పావు. ఆ కింది మెట్టులో అందులో పావు. పై గ్రిడ్ మీద పని ఒక రూపాయి అనుకుంటే మొత్తం ఖర్చు ఒక రూపాయి, పావలా, అందులో పావు, మళ్లీ అందులో పావు. ఎన్ని మెట్లున్నా ఇది ఒక రూపాయి ముప్పై నాలుగు పైసలు దాటదు. లెక్క సులువు: మొత్తం S అయితే, మొదటి మెట్టు తర్వాత మిగిలినదంతా ఆ మొత్తానికే పావు ప్రతి. అంటే S = 1 + S/4, కాబట్టి S = 4/3. కడ్డీకయితే రెండు రూపాయలు, గదిలాంటి మూడు కొలతల లెక్కకు ఎనిమిదో వంతు చొప్పున తగ్గుతూ 8/7. అంటే అడుగున ఉన్న మెట్లన్నీ కలిపి పై మెట్టు ఖర్చులో చిల్లర మాత్రమే.

ఒక చక్రం ఖర్చు బిందువుల సంఖ్యకు అనుపాతంగా ఉందని తేలింది. మరి చక్రాల సంఖ్య? గ్రిడ్‌ను ఇంకా సన్నం చేస్తే కొత్తగా వచ్చి చేరేవి అంతకుముందు గ్రిడ్ మీద పట్టని పొట్టి అలలే. వాటిని చంపడానికి కొత్తగా వచ్చిన పై మెట్టే ఉంది. కింది మెట్లకు పని ఏమీ పెరగలేదు. అందుకే మంచి మల్టీగ్రిడ్ ప్రోగ్రాంలో ఒక చక్రం తప్పును సుమారు పదో వంతుకు దించితే, అది వెయ్యి బిందువులకైనా కోటి బిందువులకైనా అదే పదో వంతు. పది లక్షల బిందువుల పలక మీద ఒక చక్రానికి ఏడెనిమిది విడతల పాటి పని అవుతుందని ఉదారంగా లెక్కేసినా, ఆరు అంకెలు సరిగ్గా రావడానికి ఆరు చక్రాలు, అంటే యాభై విడతలలోపే. పాత పద్ధతిలో అదే పనికి పాతిక లక్షలకు పైగా విడతలు.

నిక్కచ్చిగా మాట్లాడితే ఇక్కడ ఒక సందు మిగిలింది. సన్నని గ్రిడ్ వాడేది మరింత కచ్చితత్వం కోసమే కదా, కాబట్టి అక్కడ తప్పును మరింత కిందికి దించాలి, చక్రాలు కొన్ని పెరుగుతాయి. దీనికీ దారి ఉంది. లెక్కను పైనుంచి కాక అడుగునుంచి మొదలుపెడతారు. ముందు అతి ముతక గ్రిడ్ మీద జవాబు కనుక్కుని, దాన్ని పై మెట్టుకు ఊహగా అందిస్తారు. గ్రిడ్ రెండింతలు సన్నమైతే గ్రిడ్ వల్ల వచ్చే తప్పు సాధారణంగా నాలుగో వంతుకు దిగుతుంది. కింది మెట్టు జవాబు చేతిలో ఉంటే పై మెట్టు మీద తీర్చాల్సిన బాకీ ఆ నాలుగింతల తేడా మాత్రమే. దానికి ఒకటి రెండు చక్రాలు చాలు. ఇలా మెట్టుమెట్టుకూ ఒకటి రెండు చక్రాలతో పైకి వస్తే మొత్తం ఖర్చు మళ్లీ అదే 4/3 కూడికలో ఇమిడిపోతుంది. బిందువులు రెట్టింపైతే సమయం రెట్టింపు, అంతకు మించి పెరగదు.

ఈ ఆలోచనను మొదట కాగితం మీద పెట్టినవాడు మాస్కోలో పనిచేసిన రాడీ ఫెడరెంకో. 1961లో ముతక గ్రిడ్ సాయంతో నడిచే పద్ధతిని ప్రచురించాడు. 1964లో చదరపు పలక మీద పని బిందువుల సంఖ్యకు అనుపాతంగానే ఉంటుందని చూపించాడు. 1966లో బహ్వాలోవ్ దాన్ని మరింత సాధారణమైన సమీకరణాలకు విస్తరించాడు. అయినా ఎవరూ పెద్దగా వాడలేదు. నిరూపణలో అనుపాతపు అంకె మరీ పెద్దదిగా వచ్చింది. చదివినవాళ్లకు అది సిద్ధాంతంలో అందంగా ఉండి ఆచరణలో పనికిరాని సరుకులా తోచింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అకీ బ్రాంట్ 1970లలో, ముఖ్యంగా 1977 వ్యాసంలో, నిజంగా ప్రోగ్రాం రాసి నడిపితే ఖర్చు కొద్ది విడతల పాటిదేనని చూపించాడు. జర్మనీలో హాక్‌బుష్ కూడా విడిగా ఇదే దారికి వచ్చాడు. నిరూపణ ఇచ్చిన పెద్ద అంకెకూ యంత్రం మీద కనిపించిన చిన్న అంకెకూ మధ్య పది పన్నెండేళ్లు ఆగిపోవడం ఈ కథలో బాధ కలిగించే భాగం.

ప్రోగ్రాం రాసేవాళ్లను ఎక్కువగా వేధించే పొరపాటు పైన కనిపించిన ఆ నాలుగు అంకె. దూరం రెట్టింపైందని మరచిపోయి నాలుగుతో గుణించకపోతే కడ్డీ లెక్కలో సవరణ 16కు బదులు 4 వస్తుంది. ప్రోగ్రాం ఆగదు, కేకలు పెట్టదు. తప్పు తగ్గుతూనే ఉంటుంది, చక్రానికి నాలుగింట మూడు వంతులు మిగిలేంత నెమ్మదిగా. పాత పద్ధతికన్నా ఎంతో మెరుగు కాబట్టి చాలామంది సరిగ్గా నడుస్తోందనే అనుకుంటారు. అందుకే అనుభవజ్ఞులు ప్రతి చక్రం తర్వాతా శేషం ముందటి దానిలో ఎన్నో వంతుందో అచ్చువేసి చూస్తారు. ఇంత సులువైన లెక్కలో అది పదో వంతుకు దగ్గరగా లేకపోయినా, గ్రిడ్ సన్నమయ్యేకొద్దీ ఒకటి వైపు పెరుగుతున్నా ఎక్కడో పొరపాటుందని గుర్తు.

ప్రోగ్రాం తప్పు లేకపోయినా పద్ధతి తడబడే చోట్లున్నాయి. వాతావరణపు లెక్కల్లో గడి అడ్డంగా కిలోమీటర్ల పొడవు, నిలువుగా కొన్ని మీటర్ల ఎత్తు ఉండవచ్చు. అప్పుడు ఒక బిందువును పైనా కిందా ఉన్న పక్కవాళ్లు గట్టిగా పట్టి ఉంచుతారు, ఎడమా కుడీ ఉన్నవాళ్ల పట్టు దాదాపు ఉండదు. బిందువు బిందువుగా సగటు తీస్తే తప్పు నిలువుగా మాత్రమే నునుపవుతుంది. అడ్డంగా 27, 9, 27, 9 ఊగిసలాట అలాగే మిగులుతుంది. దాన్ని అడ్డంగా ఒకటి విడిచి ఒకటి చూస్తే పైన చెప్పిన బండిచక్రం మోసమే ఎదురవుతుంది. వైద్యం రెండు రకాలు. ఒక నిలువు వరసలోని బిందువులన్నిటినీ ఒక్కటిగా తీసుకుని ఒకేసారి విప్పడం మొదటిది. తప్పు నునుపైన దిక్కున, అంటే నిలువుగా మాత్రమే ముతక చేసి, అడ్డం వైపు గ్రిడ్‌ను అలాగే ఉంచడం రెండోది. బిందువులు క్రమంగా లేని చోట ఎవరు ఎవరిని గట్టిగా పట్టుకున్నారో సమీకరణాల అంకెల్లోంచే చదివి, ఎవరిని ముతక గ్రిడ్‌కు పంపాలో ప్రోగ్రామే ఎంచుకునే పద్ధతులు 1980లలో వచ్చాయి. వాటిలో గ్రిడ్ బొమ్మ అవసరమే లేదు.

శబ్దం, రేడియో తరంగాల వంటి అలల సమీకరణాలు ఇంకా మొండివి. అక్కడ జవాబులోనే పొట్టి అలలు ఉంటాయి. ఒక అలను పట్టాలంటే దాని పొడవులో కొన్ని బిందువులైనా ఉండాలి. కొన్ని మెట్లు దిగేసరికి గ్రిడ్ ఆ అలను అసలు చూడలేని స్థితికి వస్తుంది. అప్పుడు అడుగునుంచి వచ్చే సవరణ సాయం చేయకపోగా తప్పును పెంచుతుంది కూడా. ఇలాంటి లెక్కల్లో మెట్లు మధ్యలోనే ఆపి, ఆ చివరి మెట్టు మీద మిగిలిన సమీకరణాలను ఎంత ఖర్చయినా నేరుగా విప్పుకోవాల్సి వస్తుంది.